పద్నాలుగు వందలు కూడా దాటని చందా, ఏడున్నర వేలు దాటని పింఛను

ప్రైవేటు కంపెనీలో నెలకు నలభై వేల బేసిక్ జీతం తీసుకునే సూపర్‌వైజర్ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. పింఛను చందా అన్న గడిలో నెలనెలా 1,250 రూపాయలు కనబడతాయి. అదే కంపెనీలో రెండు లక్షలు తీసుకునే జనరల్ మేనేజరు చాలా ఏళ్లుగా పింఛను పథకంలో ఉన్నవాడైతే, ఆయన పాస్‌బుక్‌లో ఆ గడిలో ఉండేది కూడా మామూలుగా 1,250 రూపాయలే. జీతాల మధ్య అయిదు రెట్ల తేడా ఉంది, పింఛను చందా మధ్య రూపాయి తేడా లేదు. ఇద్దరూ ఒకేరోజు చేరి ఒకేరోజు రిటైరైతే వచ్చే పింఛనూ ఒక్కటే అవుతుంది.

దీనికి కారణం వేతన పరిమితి. ఆఫీసుల్లో అందరూ సీలింగ్ అంటారు. జీతం ఎంతున్నా, పింఛను లెక్క కోసం 15,000 రూపాయల దగ్గర గీత గీసి, పైనున్న జీతాన్ని లేనట్టే భావిస్తారు. చందా ఆ గీత దగ్గర ఆగిపోతుంది, పింఛను కూడా ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. చాలామందికి మొదటిది తెలుసు. రెండోది రిటైరయ్యే నెలలో తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

ముందు డబ్బు ఎటు పోతుందో చూద్దాం. ఉద్యోగి బేసిక్, డీఏ కలిపిన జీతంలో 12 శాతం కోసి అతని పీఎఫ్ ఖాతాలో వేస్తారు. అది మొత్తం పీఎఫ్‌కే, అందులోంచి పింఛనుకు పైసా పోదు. యజమాని కూడా 12 శాతం ఇస్తాడు. ఆ పన్నెండులో 8.33 శాతం ఉద్యోగుల పింఛను పథకానికి, అంటే 1995 నవంబర్ 16న మొదలైన ఈపీఎస్‌కు వెళ్తుంది. మిగిలిన 3.67 శాతం ఉద్యోగి పీఎఫ్ ఖాతాలో పడుతుంది. కేంద్ర ప్రభుత్వం తన వంతుగా మరో 1.16 శాతం పింఛను నిధికి జమ చేస్తుంది. సీలింగ్ వర్తించేది ఆ 8.33కూ ఈ 1.16కూ. పదిహేను వేలలో 8.33 శాతం 1,250 రూపాయలు, 1.16 శాతం 174 రూపాయలు. రెండూ కలిపితే 1,424. పైన పద్నాలుగు వందలు అన్నది యజమాని ఇచ్చే ముక్కను దృష్టిలో పెట్టుకునే. ఒక మనిషి పేరు మీద పింఛను నిధిలోకి నెలకు చేరే మొత్తం అంతే.

ఈ 8.33 అన్న అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతుంటారు. అది పన్నెండో వంతు. నెలకు జీతంలో పన్నెండో వంతు చొప్పున ఏడాది కడితే సరిగ్గా ఒక నెల జీతం అవుతుంది. అంటే ఏడాదికి ఒక నెల జీతం పింఛను నిధికి పోతోంది. దానికి బదులుగా ఏం వస్తుంది? పింఛను సూత్రం ఇది: పింఛను లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. కాబట్టి ఒక ఏడాది సర్వీసుకు జీతంలో డెబ్బయ్యో వంతు చొప్పున, బతికున్నన్నాళ్లూ ప్రతి నెలా వస్తుంది. పదిహేను వేల మీదైతే ఒక్కో ఏడాది సర్వీసుకు నెలకు 214 రూపాయలు. ఇరవై ఏళ్లు, ఆ పైన సర్వీసు చేసి 58కి రిటైరైనవారికి రెండేళ్లు అదనంగా కలుపుతారు. ముప్పై మూడేళ్లు పనిచేసి, రెండేళ్లు కలుపుకుని, మొత్తం కాలానికీ పదిహేను వేల సీలింగే వర్తించిందనుకుంటే వచ్చేది 7,500 రూపాయలు. అది కాగితం మీద ఉన్న గరిష్ఠం. ఇవాళ రిటైరవుతున్నవారిలో సీలింగ్ మీద చందా కట్టినవారెవరికీ అంత రాదు. ఎందుకో తెలియాలంటే సీలింగ్ చరిత్ర కొంచెం చూడాలి.

పీఎఫ్ చట్టం వచ్చిన 1952లో ఈ పరిమితి నెలకు 300 రూపాయలు. తర్వాత 500, వెయ్యి, పదహారు వందలు ఇలా పెరుగుతూ 1994లో 5,000 అయింది. 2001 జూన్ నుంచి 6,500. అక్కడ పదమూడేళ్లకు పైగా కదలకుండా ఉండిపోయింది. ఆ పదమూడేళ్లలోనే మన దేశంలో ప్రైవేటు జీతాలు బాగా పెరిగాయని గుర్తుంచుకోండి. 2014 సెప్టెంబర్ 1న ఒక్కసారిగా 15,000 చేశారు. ఆ తర్వాత మళ్లీ పదేళ్లు దాటిపోయినా అక్కడే ఉంచారు. డీఏ ఆరు నెలలకోసారి ధరలను బట్టి పెరుగుతుంది. సీలింగ్‌కు అలాంటి ఏర్పాటేదీ లేదు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే కదులుతుంది, లేదంటే లేదు.

కదలకపోతే ఏమవుతుంది? మొదట్లో పెద్ద జీతగాళ్లకు మాత్రమే తగిలే గీత, ఏళ్లు గడిచేకొద్దీ మామూలు కార్మికుడి జీతం మీదికి దిగుతుంది. 2024 అక్టోబర్ నాటికే కేంద్ర పరిధిలోని పనుల్లో పెద్ద నగరాల్లో నైపుణ్యం లేని కార్మికుడి కనీస వేతనం రోజుకు 783 రూపాయలు, నెలకు 20,358గా ఉండేది. చట్టం ప్రకారం అంతకన్నా తక్కువ ఇవ్వకూడదు. అంటే ఊడ్చే పనికీ, మట్టి మోసే పనికీ ఇచ్చే కనీస కూలీ కూడా పింఛను పథకం దృష్టిలో 'అధిక వేతనం' అయిపోయింది. సీలింగ్ ఇంకా పెద్ద జీతాల వ్యవహారమే అనుకునేవారు ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

ఇప్పుడొక లెక్క వేద్దాం. రమేశ్ అనే ఉద్యోగిని ఊహించుకుందాం. 1998 సెప్టెంబర్‌లో 4,500 జీతంతో చేరాడు. 2024 ఆగస్టులో 58 ఏళ్లు నిండి, 80,000 బేసిక్, డీఏతో రిటైరయ్యాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఇందులో 2014 సెప్టెంబర్‌కు ముందు పదహారేళ్లు, తర్వాత పదేళ్లు.

అతని పేరు మీద పింఛను నిధికి వెళ్లిన చందా మొదట్లో నెలకు నాలుగు వందల రూపాయల దరిదాపు. 2001 జూన్ నుంచి 541. 2014 సెప్టెంబర్ నుంచి 1,250. ఇరవై ఆరేళ్లూ కలిపితే సుమారు రెండున్నర లక్షలు. అందులో లక్షన్నర చివరి పదేళ్లదే.

పింఛను లెక్కించేటప్పుడు మొత్తం సర్వీసును పదిహేను వేలతో హెచ్చించరు. 2014కు ముందరి సర్వీసుకు 6,500 మీద, తర్వాతి సర్వీసుకు 15,000 మీద విడివిడిగా లెక్కిస్తారు. మొదటి పదహారేళ్లకు 1,486 రూపాయలు వస్తుంది. తర్వాతి పదేళ్లకు 2,143. రెండూ కలిపి 3,629. అదనంగా కలిసే రెండేళ్లతో అది నాలుగు వేల దరిదాపులకు చేరుతుంది. ఎనభై వేల జీతం తీసుకుంటూ శుక్రవారం ఇంటికెళ్లిన మనిషికి నాలుగు వేల పింఛను. జీతంలో అయిదు శాతం. పైగా ఈ పింఛనుకు డీఏ లేదు, ధరలు పెరిగినా అది పెరగదు. రమేశ్ పోయాక అతని భార్యకు వచ్చేది అందులో సగం.

ఈ లెక్క వినగానే చాలామందికి మోసపోయామన్న కోపం వస్తుంది. ఆ కోపం ఎంతవరకు న్యాయమో తేల్చాలంటే ఇంకో ప్రశ్న అడగాలి. పదిహేను వేలకు పైనున్న అరవై అయిదు వేల మీద యజమాని ఇవ్వాల్సిన 8.33 శాతం ఎటు పోయింది?

ఇక్కడే ఉద్యోగులు మూడు రకాలుగా విడిపోతారు. తమది ఏ రకమో తెలియకుండా సీలింగ్ గురించి మాట్లాడుకోవడం వల్లే అర్థం లేని వాదనలు జరుగుతున్నాయి.

మొదటి రకం, యజమాని పూర్తి జీతం మీద 12 శాతం ఇచ్చే చోట్ల పనిచేసేవారు. ప్రభుత్వ రంగ సంస్థలు, పెద్ద ఫ్యాక్టరీలు, కొన్ని సహకార సంస్థలు ఇలాంటివి. ఎనభై వేల మీద యజమాని వాటా 9,600. అందులో 1,250 పింఛనుకు పోతే మిగిలిన 8,350 నేరుగా ఉద్యోగి పీఎఫ్‌లోకి వెళ్తుంది, దాని మీద వడ్డీ కూడా వస్తుంది. సీలింగ్ వీళ్ల డబ్బు తీసుకోలేదు. పింఛను గదిలో పెట్టాల్సినదాన్ని పీఎఫ్ గదిలో పెట్టింది. పింఛను చిన్నదైంది, రిటైరైన రోజు చేతికొచ్చే మూట పెద్దదైంది.

రెండో రకం, యజమాని పదిహేను వేల మీద మాత్రమే పీఎఫ్ కట్టే కంపెనీల్లో పనిచేసేవారు. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. వీళ్ల పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా 1,800, యజమాని వాటా 550, పింఛను 1,250 ఉంటాయి. ఎనభై వేల జీతమైనా ఇంతే. వీళ్లకు పింఛనూ చిన్నదే, పీఎఫ్ మూటా చిన్నదే. కంపెనీ మొత్తం ప్యాకేజీలోంచే యజమాని వాటా కోసుకునే పద్ధతి ఉంటే, ఆ మిగిలిన డబ్బు నెలజీతంలో కలిసి చేతికి వస్తుంది. అలా లేకపోతే అది యజమానికి మిగులు. నెలజీతంలో వచ్చింది ఖర్చయిపోతుందని, పీఎఫ్‌లో పడింది నిలుస్తుందని వేరే చెప్పనక్కర్లేదు. సీలింగ్ దెబ్బ నిజంగా గట్టిగా తగిలేది ఈ రెండో రకానికే. గమ్మత్తేమిటంటే అధిక పింఛను పోరాటంలో వీళ్ల పేరు వినపడదు.

మూడో రకం, 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరినప్పుడే పదిహేను వేలకు పైన జీతం ఉన్నవారు. వీళ్లు పింఛను పథకంలో సభ్యులే కారు. పీఎఫ్‌లో చేరితే యజమాని వాటా మొత్తం పీఎఫ్‌కే వెళ్తుంది. పింఛను గడిలో సున్నా ఉంటుంది. హైదరాబాద్ హైటెక్ సిటీలో పదేళ్ల నుంచి ఉద్యోగం చేస్తున్న చాలామంది ఇంజినీర్లు ఈ రకం. వీళ్లలో కొందరు తమకు అరవై దాటాక పీఎఫ్ పింఛను వస్తుందని ఇప్పటికీ నమ్ముతున్నారు. రాదు.

సీలింగ్ ఎందుకు పెట్టారన్నది న్యాయంగా చూడాలి. పింఛను నిధి ఒక్కొక్కరికి వేరే ఖాతా కాదు, అందరి చందాలూ కలిసే ఉమ్మడి కుండ. అందులోంచి ఎవరికెంత ఇవ్వాలన్నది వాళ్లు కట్టిన మొత్తాన్ని బట్టి కాక, చివరి రోజుల జీతాన్ని బట్టి ఉంటుంది. రమేశ్ విషయమే చూడండి. 1998లో 4,500 జీతం. పూర్తి జీతం మీద కట్టినా ఆ ఏడాది పింఛను చందా ఒక నెల జీతం, అంటే 4,500 రూపాయలు. ఏడాదికి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో అది 2024 నాటికి ముప్పై ఏడు వేలు అవుతుంది. కానీ చివరి అయిదేళ్ల సగటు జీతం 70,000 అనుకుంటే, ఆ ఒక్క ఏడాది సర్వీసుకు నిధి ఇవ్వాల్సింది డెబ్బయ్యో వంతు, నెలకు వెయ్యి రూపాయలు, జీవితాంతం. ముప్పై ఏడు వేలు మూడేళ్లలో అయిపోతాయి. ఆ తర్వాత రమేశ్‌కూ, అతని తర్వాత భార్యకూ ఇచ్చేది కుండలోని మిగతావాళ్ల డబ్బు. ఆ మిగతావాళ్లలో నెలకు పన్నెండు వేలు తీసుకునే సెక్యూరిటీ గార్డు, బీడీ కార్మికురాలు, మిల్లు కూలీ ఉన్నారు. జీతం బాగా పెరిగినవారికి చివరి జీతం మీద పింఛనిస్తే, జీతం పెరగనివారి చందాతో ఇచ్చినట్టే. సీలింగ్ ఈ దొర్లుడును ఆపుతుంది. ప్రభుత్వం కట్టే 1.16 శాతానికి కూడా హద్దు పెడుతుంది. ఈ కారణాలు బలమైనవే.

అయితే సీలింగ్ వద్దనుకుంటే దాటే దారి ఒకటి 1996 మార్చిలో పెట్టారు. యజమాని, ఉద్యోగి ఇద్దరూ కలిసి కోరితే పూర్తి జీతం మీద 8.33 శాతాన్ని పింఛను నిధికి మళ్లించవచ్చు. దీన్నే జాయింట్ ఆప్షన్ అంటారు. అప్పట్లో ఎక్కువమంది దీన్ని వాడుకోలేదు. 5,000 సీలింగూ జీతమూ దగ్గరదగ్గరగా ఉన్న రోజుల్లో అవసరం కనపడలేదు. కనపడేసరికి గడువు దాటిందని పీఎఫ్ కార్యాలయాలు దరఖాస్తులు తిప్పిపంపాయి. ఆర్.సి. గుప్తా కేసులో 2016 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, ఆ నిబంధనలో చివరి తేదీ అంటూ ఏదీ లేదని చెప్పింది. ఈలోగా 2014 సవరణ ఆ దారినే మూసేసింది. కేరళ హైకోర్టు 2018లో ఆ సవరణను కొట్టేసింది. చివరికి 2022 నవంబర్ 4న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మధ్యే మార్గం తీసుకుంది. సవరణ చెల్లుతుందని, చివరి పన్నెండు నెలల బదులు అరవై నెలల సగటు తీసుకోవడం సరైనదేనని చెప్పింది. 2014 సెప్టెంబర్ 1 నాటికి సర్వీసులో ఉండి ఆప్షన్ ఇవ్వలేకపోయినవారికి మరో అవకాశం ఇమ్మంది. సీలింగ్ పైనున్న జీతం మీద అదనపు 1.16 శాతాన్ని ఉద్యోగే కట్టాలనడం చట్టానికి విరుద్ధమంది. తర్వాత ప్రభుత్వం ఆ 1.16ను యజమాని ఇచ్చే పన్నెండులోంచే తీసుకునేలా మార్చింది. 2023 జూలై 11తో ముగిసిన గడువులోగా సుమారు పదిహేడున్నర లక్షల దరఖాస్తులు వచ్చాయి.

పీఎఫ్ కార్యాలయం నుంచి డిమాండ్ లెటర్ వచ్చాక చాలామంది తెల్లబోయారు. అధిక పింఛను కావాలంటే ఇన్నేళ్లు పీఎఫ్ ఖాతాలోకి వెళ్లిన అధిక చందా వెనక్కివ్వాలి, దాని మీద వచ్చిన వడ్డీతో సహా.

మన రమేశ్ మొదటి రకం ఉద్యోగి అనుకుందాం. 1998 నుంచి పూర్తి జీతం మీద 8.33 శాతానికీ, నిజంగా వెళ్లినదానికీ మధ్య తేడాను పీఎఫ్ వడ్డీలతో లెక్కేస్తే నా అంచనాలో పదకొండు లక్షల దరిదాపుల్లో తేలుతుంది. జీతం ఏ ఏడాది ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి అది అటూ ఇటూ అవుతుంది. అది కడితే పింఛను ఎంత? చివరి అయిదేళ్ల సగటు 70,000 మీద ఇరవై ఎనిమిదేళ్లకు లెక్కేసి 28,000 వస్తుందని రమేశ్ ఆశ. కానీ పీఎఫ్ సంస్థ ఇక్కడ కూడా సర్వీసును రెండు ముక్కలు చేస్తోంది. 2014కు ముందరి పదహారేళ్లకు అప్పటి అయిదేళ్ల సగటు, ఉదాహరణకు 28,000, తీసుకుంటే 6,400 వస్తుంది. తర్వాతి పదేళ్లకు 70,000 మీద 10,000. అదనపు రెండేళ్లు కలిపితే మొత్తం పదిహేడు నుంచి పద్దెనిమిది వేలు. ఈ రెండు ముక్కల లెక్క అన్యాయమని పింఛనుదారుల సంఘాలు వాదిస్తున్నాయి. నిధి వైపు నుంచి చూస్తే, పైన చెప్పిన దొర్లుడు దీనివల్ల తగ్గుతుంది. నా మట్టుకు, తీర్పుకు ముందే ఈ లెక్కను దరఖాస్తు ఫారం మీదే అచ్చువేసి చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదనిపిస్తుంది. ఏం వస్తుందో తెలియకుండా పదకొండు లక్షలు కట్టమనడం సరికాదు.

సరే, పదకొండు లక్షలు ఇచ్చి నాలుగు వేల పింఛనును పదిహేడున్నర వేలు చేసుకోవడం లాభమేనా? నెలకు పదమూడున్నర వేల పైన పెరుగుతుంది, ఏడాదికి లక్షా అరవై రెండు వేలు. కట్టింది తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. కానీ ఆ పదకొండు లక్షలు దగ్గరుంటే వడ్డీ తెచ్చేవి. 8.2 శాతం వడ్డీ ఇచ్చే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో పెడితే నెలకు సగటున ఏడున్నర వేలు వస్తాయి, అసలు అలాగే ఉంటుంది. ఆ వడ్డీని కూడా లెక్కలోకి తీసుకుంటే లాభంలోకి రావడానికి పది పదకొండేళ్లు, అంటే రమేశ్ అరవై తొమ్మిదో ఏట దాకా ఆగాలి. ఆ తర్వాత బతికిన ప్రతి ఏడాదీ లాభమే. ముందే పోతే భార్యకు సగం పింఛను వస్తుంది. ఇద్దరూ పోయాక పిల్లలకు అసలు తిరిగి రాదు. ఆ తిరిగిచ్చే ఏర్పాటును 2008లోనే తీసేశారు.

కాబట్టి తల్లిదండ్రులు తొంభై దాకా బతికిన ఇంటివాడికి, తనకన్నా పదేళ్లు చిన్నదైన భార్య ఉన్నవాడికి అధిక పింఛను మంచి బేరం. ఆరోగ్యం బాగా లేనివాడికి, భార్యకు సొంత పింఛను ఉన్నవాడికి, కూతురి పెళ్లికో ఇంటి అప్పుకో మూట కావలసినవాడికి సీలింగ్ మీదే ఉండి పీఎఫ్ తీసుకోవడమే మేలు. యూనియన్ నాయకుడు చెప్పాడనో, పక్క సీటువాడు పెట్టాడనో ఆప్షన్ పెట్టినవారిని చూశాను. ఈ విషయంలో ఇద్దరు స్నేహితులకు ఒకే జవాబు వర్తించకపోవచ్చు.

ఇక సీలింగ్ పెంచాలన్న డిమాండ్. ఉదాహరణకు 25,000 చేశారనుకుందాం. పింఛను చందా 1,250 నుంచి 2,083 అవుతుంది. ఆ తర్వాత చేసే ప్రతి ఏడాది సర్వీసుకూ నెలకు 214 బదులు 357 పింఛను వస్తుంది. మొదటి రకంవాళ్లకు ఆ తేడా 833 రూపాయలు ప్రతి నెలా వాళ్ల పీఎఫ్‌లోంచే పింఛనుకు మళ్లుతుంది, కొత్తగా డబ్బు రాదు. రెండో రకంవాళ్లకు యజమాని 1,800 బదులు 3,000 కట్టాలి, వాళ్ల జీతంలోంచి కూడా 3,000 కోస్తారు. చేతికొచ్చేది నెలకు 1,200 తగ్గుతుంది, దాచుకునేది అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. ప్రభుత్వానికి 1.16 శాతం భారం 174 నుంచి 290కి చేరుతుంది. యజమానులు, ఆర్థిక శాఖ ఎందుకు తటపటాయిస్తారో ఈ అంకెల్లోనే ఉంది. పెంచినా పాత సర్వీసుకు పాత సీలింగే ఉంటుందని, ఇంకో రెండేళ్లలో రిటైరయ్యేవారికి దక్కేది నాలుగైదు వందల లోపేనని కూడా తెలుసుకోవాలి.

మన పిల్లలు పనిచేస్తున్న అమెరికాలో కూడా సోషల్ సెక్యూరిటీకి సీలింగ్ ఉంది. ఉద్యోగి 6.2 శాతం, యజమాని 6.2 శాతం కడతారు. 2025లో ఏడాది జీతం 1,76,100 డాలర్లు దాటగానే ఆ కోత ఆగిపోతుంది. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో పెద్ద జీతం ఉన్నవాళ్లకు ఏడాది చివర్లో చెక్కు కాస్త లావెక్కడానికి కారణం ఇదే. జనవరిలో కోత మళ్లీ మొదలవుతుంది. పైనున్న జీతం పింఛను లెక్కలోకి రాదు. ఇంతవరకు మనలాగే. తేడా ఏమిటంటే అక్కడ దేశంలో సగటు వేతనం పెరిగేకొద్దీ సీలింగ్ కూడా చట్టం ప్రకారం దానంతటదే పెరుగుతుంది. 2024లో అది 1,68,600 ఉండేది. నోటిఫికేషన్ కోసం పదేళ్లు ఎదురుచూడాల్సిన పనిలేదు. పెంపు ఏటా చిన్నచిన్నగా ఉండటం వల్ల యజమాని మీద ఒక్కసారిగా భారమూ పడదు. ఇంకో మంచి విషయం, అక్కడ పింఛను చివరి జీతం మీద కాక ముప్పై అయిదేళ్ల సంపాదన సగటు మీద లెక్కిస్తారు, పాత జీతాలను వేతనాల పెరుగుదలకు తగ్గట్టు సవరిస్తారు. అందుకే ఒకరి చందా మరొకరి పింఛనులోకి దొర్లే సమస్యను వాళ్లు సీలింగ్ ఒక్కదాని మీదే వదిలేయలేదు.

మనకు కావలసింది సీలింగ్ ఎత్తేయడం కాదు. ఎత్తేస్తే కుండ ఖాళీ అవుతుంది. కావలసింది సీలింగ్ కనీస వేతనం కన్నా పైన ఉండటం, ఏటా వేతనాలతో పాటు కదలడం. పదమూడేళ్లు ఒకచోట ఉంచి తర్వాత రెండింతలకు పైగా లాగడం వల్లే సర్వీసును ముక్కలు చేసి లెక్కించే దుస్థితి వచ్చింది, కోర్టుల్లో ఏళ్లకేళ్లు గడిచిపోయాయి.

ఇది చదివాక మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ యూఏఎన్‌తో ఈపీఎఫ్ఓ పాస్‌బుక్ తెరిచి మూడు గడులు చూడండి. పింఛను గడిలో 1,250 ఉండి ఉద్యోగి వాటా మీ జీతంలో 12 శాతం ఉంటే మీరు మొదటి రకం. ఉద్యోగి వాటా 1,800 దగ్గర ఆగితే రెండో రకం. అలాంటప్పుడు రిటైర్మెంట్ కోసం వేరే దాచుకోవడం ఇవాళే మొదలుపెట్టాలి, ఎందుకంటే మీకు వచ్చేది చిన్న పింఛను, చిన్న మూట. పింఛను గడిలో సున్నా ఉంటే పింఛను లేదని స్థిరపరచుకోండి. 2014 సెప్టెంబర్ తర్వాత పెద్ద జీతంతో కొత్తగా చేరి కూడా ఆ గడిలో 1,250 పడుతోందంటే కంపెనీ పొరపాటున కడుతోందన్నమాట. ఉద్యోగం మారేటప్పుడో, క్లెయిం పెట్టినప్పుడో అది బయటపడి దరఖాస్తు ఆగిపోతుంది. ఆ డబ్బు పీఎఫ్ ఖాతాలోకి మార్పించమని హెచ్ఆర్‌కు ఇప్పుడే రాతపూర్వకంగా రాయండి, ఆ కంపెనీ ఉండగానే, మీరు అందులో ఉండగానే.